కొటేషన్ చివర రాసిన మొత్తం చూసి కాంట్రాక్టరును ఎంచుకోవద్దు: లంప్‌సమ్, ఐటమ్ రేటు కొటేషన్లను పోల్చే లెక్క

ఇల్లు కట్టుకునేవారికి కాంట్రాక్టర్లు ఇచ్చే కొటేషన్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఒకటి రెండు కాగితాల్లో అయిపోతుంది: మెటీరియల్‌తో సహా అడుగుకు ఇంత, లేదా మొత్తం ఇల్లు ఇంత. రెండోది పట్టిక. తవ్వకం ఘనపు మీటరుకు ఇంత, కాంక్రీటు ఇంత, ఇనుము కిలోకు ఇంత, గోడ, గిలాబా, టైల్స్ ఇంతింత అని వరుసగా రేట్లు ఉంటాయి. చేసిన పనిని టేపు పెట్టి కొలిచి ఆ రేట్లతో బిల్లు కడతారు. మొదటిదాన్ని లంప్‌సమ్ అనీ, రెండోదాన్ని ఐటమ్ రేటు అనీ అంటారు.

ఈ రెండింటి మధ్య అసలు తేడా పని ఎక్కువైతే డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్నదే. ఐటమ్ రేటులో ఇనుము అనుకున్నదానికంటే టన్ను ఎక్కువ పడితే ఆ ఖర్చు యజమానిది, తక్కువ పడితే మిగులూ అతనిదే. లంప్‌సమ్‌లో ఆ టన్ను కాంట్రాక్టరు భరించాలి. అందుకే ఒకే పనికి నిజాయితీగా వేసిన లంప్‌సమ్ కాస్త ఎక్కువగా ఉండటం సహజం, అనుకోని ఖర్చుకు కాంట్రాక్టరు కొంత కలుపుకుంటాడు. మరి లంప్‌సమ్ కొటేషన్ ఐటమ్ రేటు మొత్తం కంటే బాగా తక్కువగా ఉందంటే, ఆ ఖర్చును కాంట్రాక్టరు ఎక్కడో ఒక షరతు రూపంలో తిరిగి యజమాని మీద పెట్టాడని అనుమానించాలి. చాలాసార్లు ఆ షరతు "వరకు" అనే మాటలో ఉంటుంది: తవ్వకం ఐదు అడుగుల వరకు, బేస్‌మెంట్ రెండు అడుగుల వరకు, ఇనుము ఇన్ని టన్నుల వరకు, టైల్స్ అడుగుకు 45 రూపాయల వరకు.

ఇంకో సంగతి. మన దగ్గర అందరూ లంప్‌సమ్ అనుకునే అడుగు రేటు పూర్తి లంప్‌సమ్ కాదు. రేటు ఖరారైంది గానీ అడుగులెన్నో ఖరారు కాలేదు. స్లాబును అంచు నుంచి అంచుకు కొలుస్తారా, గోడల బయటి ముఖం వరకే కొలుస్తారా, బాల్కనీ పూర్తిగా లెక్కా సగమా, మెట్ల హెడ్‌రూమ్, సన్‌షేడ్లు, పోర్టికో లెక్కలోకి వస్తాయా అన్నది రాసుకోకపోతే బిల్లు వేసేరోజు అడుగులు పెరుగుతాయి. డ్రాయింగుల ప్రకారం మొత్తం ఇల్లు ఇంత అని ఒకే అంకె రాసినప్పుడే అది అసలైన లంప్‌సమ్ అవుతుంది.

ఒక లెక్క

హైదరాబాద్ శివారులో 200 గజాల స్థలంలో గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ ఇల్లు అనుకుందాం. అంతస్తుకు 1,200 చొప్పున మొత్తం 2,400 చదరపు అడుగులు. కింద ఇచ్చిన రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే, ఊరిని బట్టి, పనితనాన్ని బట్టి మారతాయి.

మొదటి కాంట్రాక్టరు అడుగుకు 1,850 అన్నాడు. రెండో అతను 2,150 అన్నాడు. 2,400తో గుణిస్తే మొదటిది 44.40 లక్షలు, రెండోది 51.60 లక్షలు. ఏడు లక్షల ఇరవై వేల తేడా. చాలామంది ఇక్కడే ఆగి మొదటి అతనికి అడ్వాన్సు ఇచ్చేస్తారు.

ఇప్పుడు షరతులు చదవాలి. మొదటి కొటేషన్‌లో "స్లాబ్ ఏరియా ప్రకారం కొలత" అని ఉంది. దాని ప్రకారం గోడల బయటికి వచ్చిన అంచులు, సన్‌షేడ్లు కలిపి 150 అడుగులు, హెడ్‌రూమ్ 120 అడుగులు అదనంగా లెక్కకు వస్తాయి. బిల్లు అయ్యేది 2,670 అడుగులకు, అంటే 49,39,500 రూపాయలకు. రెండో అతను హెడ్‌రూమ్‌తో సహా 2,400కే మొత్తం ఖరారు చేసి రాశాడు. షరతుల్లో మొదటి వాక్యానికే తేడా రెండు లక్షల ఇరవై వేలకు పడిపోయింది.

తరువాత మినహాయింపులు. మొదటి కొటేషన్‌లో సంపు, ప్రహరీ గోడ లేవు. పదివేల లీటర్ల సంపుకు లీటరుకు 16 రూపాయల లెక్కన 1.60 లక్షలు, 150 అడుగుల పొడవు ప్రహరీకి అడుగుకు 1,800 చొప్పున 2.70 లక్షలు. బేస్‌మెంట్ రెండు అడుగుల వరకే అన్నాడు, రోడ్డు ఎత్తు చూస్తే మూడు అడుగులు కావాలి. ఆ ఒక్క అడుగు నింపడానికి దాదాపు 1,200 ఘనపుటడుగుల మొరం పడుతుంది. దిమ్మిస చేస్తే మట్టి దిగుతుంది కాబట్టి పావు వంతు కలుపుకుని 1,500, అంటే పదిహేను యూనిట్లు తోలించాలి. తోలకం, దిమ్మిస కలిపి 40 వేలు వేసుకుందాం.

ఇనుము దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడాలి. "8.4 టన్నుల వరకు" అని రాశాడు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన డ్రాయింగు నుంచి ఊచల పట్టిక వేస్తే 9.84 టన్నులు వచ్చింది. మిగతా 1,440 కిలోలు కిలో 70 చొప్పున 1,00,800 అవుతాయి. ఈ పరిమితిలో డబ్బు కంటే పెద్ద చిక్కు ఒకటుంది. 8.4 దాటగానే కాంట్రాక్టరు, మేస్త్రి ఇద్దరూ "ఇంత ఇనుము అక్కర్లేదు" అని చెప్పడం మొదలుపెడతారు. స్లాబులో ఊచల ఎడం ఐదు అంగుళాల నుంచి ఆరు, ఏడు అంగుళాలకు మారుతుంది, స్తంభాల రింగులు దూరమవుతాయి. కాంక్రీటు పోశాక ఆ తేడా కంటికి కనిపించదు. అందుకే ఇనుముకు బరువు పరిమితి ఉన్న కొటేషన్‌ను ఒప్పుకోవడం కంటే, "స్ట్రక్చరల్ డ్రాయింగు ప్రకారం ఎంత పడితే అంత" అని రాయించి అడుగుకు కొంత ఎక్కువ ఇవ్వడమే మేలు.

చివరగా టైల్స్. అడుగు 45 రూపాయల టైల్ మొదటి అతని లెక్క. ఇంటివారు షాపులో చూసి నచ్చుకునేది 70 రూపాయలది. రెండువేల అడుగుల నేలకు తేడా 50 వేలు. రెండో కొటేషన్‌లో టైల్ లెక్క 70కే ఉంది. సంపు, ప్రహరీ, మూడు అడుగుల బేస్‌మెంట్ కూడా అందులో కలిసే ఉన్నాయి, ఇనుము డ్రాయింగు ప్రకారం. అయితే గేటు, కిటికీ గ్రిల్స్ అందులో లేవు. మొదటి దాంట్లో ఉన్నాయి. కాబట్టి రెండో దానికి 90 వేలు కలపాలి.

| వివరం | మొదటి కొటేషన్ (రూ.) | రెండో కొటేషన్ (రూ.) |
|---|---|---|
| బిల్లు అయ్యే విస్తీర్ణం ప్రకారం | 49,39,500 | 51,60,000 |
| సంపు | 1,60,000 | కలిసే ఉంది |
| ప్రహరీ | 2,70,000 | కలిసే ఉంది |
| బేస్‌మెంట్ అదనపు అడుగు | 40,000 | కలిసే ఉంది |
| ఇనుము పరిమితి దాటినది | 1,00,800 | కలిసే ఉంది |
| టైల్ ధర తేడా | 50,000 | కలిసే ఉంది |
| గేటు, గ్రిల్స్ | కలిసే ఉన్నాయి | 90,000 |
| మొత్తం | 55,60,300 | 52,50,000 |

ఏడు లక్షలు తక్కువ అనిపించిన కొటేషన్ నిజానికి మూడు లక్షలు ఎక్కువ. బోరు, కరెంటు మీటరు ఇద్దరి కొటేషన్లలోనూ లేవు. పోలికలో వాటిని పట్టించుకోనక్కర్లేదు గానీ ఇంటి బడ్జెట్‌లో మాత్రం వేసుకోవాలి.

ఈ పట్టికను తలకిందులు చేసే వాక్యం ఇంకొకటి ఉంటుంది: "పన్నులు అదనం". మెటీరియల్‌తో కలిపి ఇల్లు కట్టి ఇచ్చే కాంట్రాక్టుకు జీఎస్టీ 18 శాతం. యాభై లక్షల పని మీద అది తొమ్మిది లక్షలు. ఇంటివారే సరుకు కొనిపెట్టి, కూలి మాత్రమే కాంట్రాక్టుకు ఇస్తే, అపార్ట్‌మెంటు సముదాయంలో భాగం కాని సొంత ఇంటి కొత్త నిర్మాణానికి ఆ కూలి మీద జీఎస్టీ లేదు. సరుకు కొన్నప్పుడు కట్టే పన్ను మాత్రం ఉంటుంది. "మాకు జీఎస్టీ రాదు" అని కాంట్రాక్టరు నోటితో చెబితే సరిపోదు. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవరే, ఇలాంటి ఒక్క ఇంటి పనితోనే అది దాటిపోతుంది. కొటేషన్‌లో "అన్ని పన్నులతో సహా" అన్న మాట ఉండాలి.

కొటేషన్ మాట్లాడని చోట్లు

"ఇవి మావి కావు" అని తేల్చి రాసిన మినహాయింపులు అంత ప్రమాదం కాదు, వాటికి ధర కట్టి కలుపుకోవచ్చు. అసలు ప్రస్తావనే లేని పనులే తగాదాకు దారితీస్తాయి. వాటిని పట్టుకోవాలంటే ఇంటిని నేల నుంచి ట్యాంకు దాకా కట్టే వరుసలో మనసులో ఒకసారి కట్టి చూడాలి. ప్రతి దశలో ఉండే పనికి కొటేషన్‌లో చోటు ఉందో లేదో వెతకాలి.

నేల దగ్గర మొదటి ప్రశ్న రాయి. హైదరాబాద్ గ్రానైట్ మీద కూర్చున్న ఊరు. పక్క స్థలంలో మెత్తగా తవ్విన చోటికి పది అడుగుల దూరంలో బండ తగలొచ్చు. లంప్‌సమ్ కొటేషన్లలో దాదాపు అన్నింటా "గట్టి రాయి వస్తే అదనం" అని ఉంటుంది, ఎంత అదనమో మాత్రం ఉండదు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో నల్లరేగడి ఉన్న చోట ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది: మామూలు ఫుటింగు చాలదు, పైల్స్ వేయాలి అని ఇంజినీరు అంటే ఆ ఖర్చు ఎవరిది? గోదావరి డెల్టాలో గుంట తవ్వగానే నీరు ఊరితే మోటారు పెట్టి తోడే ఖర్చు ఎవరిది? కొటేషన్లు అడగకముందే మట్టి పరీక్ష చేయించి ఆ రిపోర్టు అందరికీ ఒకేలా ఇస్తే ఈ అనుమానాలు చాలావరకు తీరిపోతాయి.

బేస్‌మెంట్ దగ్గర చెదల మందు. నింపిన మట్టి మీద, గోడల పక్కన కొట్టాల్సిన మందు ఇది, నేల కాంక్రీటు పడ్డాక ఆ పని అంత బాగా చేయలేరు. బాత్‌రూముల దగ్గర కిందికి దించిన స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్, ఆ గుంతను దేనితో నింపుతారన్నది. మిద్దె మీద నీరు నిలవకుండా వాలు కాంక్రీటు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ పొర. చాలా కొటేషన్లు స్లాబుతో ఆగిపోతాయి. 1,200 అడుగుల మిద్దెకు ఈ పని తరువాత విడిగా చేయించుకుంటే చిన్న మొత్తం కాదు, చేయించకపోతే మొదటి వానాకాలంలోనే పై అంతస్తు కప్పుకు చెమ్మ మచ్చలు వస్తాయి.

కరెంటు పనిలో "పూర్తి వైరింగు" అన్న మాటకు అర్థం లేదు. గదికి ఎన్ని పాయింట్లు, ఏసీకి, గీజరుకు విడిగా లైను ఉందా, ఇన్వర్టరుకు వేరే వైరు లాగుతారా, స్విచ్చుల కంపెనీ, మోడల్ ఏమిటి అన్నవి కావాలి. బాత్‌రూము కుళాయిలకూ అంతే. "మంచి కంపెనీ" అన్న మాట కింద ఐదారు రెట్ల ధర తేడా ఉన్న సరుకులు ఇమిడిపోతాయి. రంగుల్లో పుట్టీ ఎన్ని కోట్లు, ప్రైమర్ ఉందా అన్నది అడగాలి.

నీళ్ల ఖర్చు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొటేషన్‌లో నీరు కాంట్రాక్టరుది అని ఉంటే యజమానికి లాభం అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో ట్యాంకరు కొనాల్సివస్తే ఆదా చేయడానికి కాంట్రాక్టరుకు మొదట కనిపించేది క్యూరింగే. కాంక్రీటును మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుకు పది రోజులు తడిపి ఉంచాలని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. నీళ్లు యజమాని ఖాతాలో పెట్టుకుని, తడిపే మనిషిని కాంట్రాక్టరు ఖాతాలో రాయించుకోవడమే మంచి ఏర్పాటు.

ఐటమ్ రేటులో డబ్బు పోయే దారులు

ఐటమ్ రేటు కొటేషన్ వివరంగా ఉంటుంది కాబట్టి అందులో దాపరికం ఉండదనుకోవడం పొరపాటు. ఇక్కడ తేడా కొలతలో వస్తుంది. భవన నిర్మాణ పనులు ఎలా కొలవాలో చెప్పే ప్రమాణం ఐఎస్ 1200. "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో లేకపోతే ప్రతి బిల్లుకూ బేరమే.

బీము, స్లాబు కలిసే చోటు చూడండి. బీము లోతు 450 మిల్లీమీటర్లు, స్లాబు మందం 125 అయితే, స్లాబును పూర్తి విస్తీర్ణంలో కొలిచాక బీమును 325 మాత్రమే కొలవాలి. 450 కొలిస్తే ఆ 125 రెండుసార్లు బిల్లులోకి వస్తుంది. అంతస్తుకు 90 మీటర్ల బీములు, 230 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే స్లాబుకు దాదాపు 2.6 ఘనపు మీటర్లు, రెండు స్లాబులకు 5.2. ఘనపు మీటరు 8,500 చొప్పున 44 వేలు చేయని పనికి ఇచ్చినట్టు. కాంక్రీటు రేటులో సెంట్రింగ్ కలిసి ఉందా అన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. కొందరు కాంక్రీటు రేటు తక్కువ చూపించి, సెంట్రింగును చదరపు మీటర్లలో విడిగా వేస్తారు. అది తప్పు కాదు, కానీ రెండూ కలిపి రాసిన మరో కొటేషన్ పక్కన పెట్టినప్పుడు పోలిక తప్పుతుంది.

ఇనుమును కొలిచే పద్ధతి రెండు రకాలు. డ్రాయింగులో ఉన్న ఊచల పొడవును వాటి ప్రామాణిక బరువుతో లెక్కించడం ఒకటి. మీటరుకు బరువు కిలోల్లో d²/162, ఇందులో d ఊచ మందం మిల్లీమీటర్లలో. 12 ఎంఎం ఊచకు 0.89 కిలో వస్తుంది. లారీ కాంటా చీటీ ప్రకారం బిల్లు వేయడం రెండోది. కాంటా పద్ధతిలో ముక్కలుగా మిగిలిపోయే వృథా యజమాని నెత్తిన పడుతుంది. 9.84 టన్నుల మీద మూడు శాతం వృథా అంటే 295 కిలోలు, కిలో 70 చొప్పున ఇరవై వేలు దాటుతుంది. ఐఎస్ 1200 ప్రకారం డ్రాయింగులో చూపిన అతుకులకు డబ్బు ఇవ్వాలి, వృథా, కట్టుతీగ మాత్రం రేటులోనే కలిసి ఉండాలి.

గిలాబాలో తలుపులు, కిటికీల ఖాళీలకు కోత విషయంలో యజమానులు కూడా అన్యాయంగా వాదిస్తుంటారు. అర చదరపు మీటరు లోపు ఖాళీకి కోత లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల మధ్య ఉంటే గోడకు ఒక వైపే తీసేయాలి, ఎందుకంటే ఆ ఖాళీ పక్కల చేసే గిలాబాకు విడిగా డబ్బు ఇవ్వరు. మూడు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు తలుపు దాదాపు 1.95 చదరపు మీటర్లు, కాబట్టి ఒక వైపు కోతే న్యాయం. మూడు దాటితే రెండు వైపులా తీసేసి, పక్కలు కొలిచి ఇవ్వాలి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ఐటమ్ రేటులో ఒక ఎత్తుగడ మిగిలే ఉంటుంది. పట్టికలో పరిమాణం తక్కువగా రాసి, నిజంగా పెరిగేలా ఉన్న ఐటమ్‌ను అనుభవజ్ఞుడైన కాంట్రాక్టరు గుర్తుపడతాడు. దానికి రేటు ఎక్కువ వేసి, మిగతా వాటికి తగ్గించి, మొత్తం తక్కువ చూపిస్తాడు. పట్టికలో గట్టి రాయి 5 ఘనపు మీటర్లే ఉందనుకుందాం. ఒకరు దానికి 1,200, మరొకరు 3,500 వేశారు. రెండో అతని మొత్తం పట్టిక ప్రకారం 40 వేలు తక్కువ. పని మొదలయ్యాక రాయి 30 ఘనపు మీటర్లు వస్తే, పెరిగిన 25 మీద మీటరుకు 2,300 తేడా చొప్పున 57,500. నలభై వేలు తక్కువైనవాడు పదిహేడున్నర వేలు ఎక్కువయ్యాడు. అందుకే పోల్చేటప్పుడు పట్టిక పరిమాణాలతో ఒకసారి, అనుమానం ఉన్న నాలుగైదు ఐటమ్‌లను పెంచి ఇంకోసారి లెక్క వేయాలి. రెండోసారి ఎవరి మొత్తం ఎక్కువ ఎగబాకిందో చూస్తే ఎత్తుగడ బయటపడుతుంది.

ఏది ఎక్కడ

డ్రాయింగులు పూర్తిగా చేతిలో లేకుండా లంప్‌సమ్ అడగకూడదు. ఆర్కిటెక్ట్ ప్లానుతో పాటు స్ట్రక్చరల్ డ్రాయింగులు, తలుపులు కిటికీల పట్టిక, కరెంటు, ప్లంబింగ్ పాయింట్లు గుర్తించిన కాగితాలు ఉంటేనే లంప్‌సమ్‌కు అర్థం. మంజూరైన ప్లాను ఒక్కటే ఇచ్చి మొత్తం చెప్పమంటే కాంట్రాక్టరు తనకు అనుకూలమైన ఇల్లు ఊహించుకుని ధర చెబుతాడు. కట్టేటప్పుడు మార్పులు చేసే అలవాటున్న కుటుంబాలకు ఐటమ్ రేటే నయం, కాకపోతే కొలిచి బిల్లు సరిచూసే ఇంజినీరు ఉండాలి. అతని ఫీజును కూడా పోలికలో వేసుకోవాలి.

సొంత ఇంటికి రెండూ కలిపిన ఒప్పందం బాగా కుదురుతుంది. భూమి కింద ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి తవ్వకం నుంచి బేస్‌మెంట్ బీముల వరకు ఐటమ్ రేటు, పైన అంతా డ్రాయింగు మీద ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి లంప్‌సమ్. అప్పుడు రాయి భయంతో లంప్‌సమ్‌లో కలిపే డబ్బు ఇవ్వనక్కర్లేదు, "రాయి అదనం" అన్న షరతుకూ చోటుండదు. లంప్‌సమ్ భాగానికి కూడా అదనపు పనుల రేట్ల పట్టిక ముందే జతచేయించాలి: ఒక కరెంటు పాయింటు, చదరపు మీటరు గోడ, ఘనపు మీటరు కాంక్రీటు, కిలో ఇనుము ఎంతెంత. పని మధ్యలో అడిగిన రేటుకూ కొటేషన్ రోజున అడిగిన రేటుకూ చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే మధ్యలో ఇంకో కాంట్రాక్టరును అడిగే అవకాశం యజమానికి ఉండదు. అదే పట్టికలో తగ్గించిన పనికి తిరిగి ఇచ్చే రేటు కూడా ఉండాలి. ఒక గోడ వద్దనుకుంటే డబ్బు తగ్గదనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది.

చెల్లింపు దశలను కూడా మొత్తంతో సమానంగా చూడాలి. పై స్లాబు పడేసరికి డెబ్బై ఎనభై శాతం డబ్బు అడిగే కొటేషన్‌లో గోడలు, గిలాబా, టైల్స్, తలుపులు, కరెంటు, రంగులు అన్నీ మిగతా ఇరవై ముప్పై శాతంతో కావాలి, అది సాధ్యం కాదు. అక్కడ పని ఆగితే యజమాని చేతిలో ఆపడానికి డబ్బు మిగలదు. చెల్లింపు ముప్పావు వంతును గిలాబా పూర్తయ్యాక మాత్రమే దాటేలా దశలు మార్చి, చివరి ఐదు శాతం మొదటి వానాకాలం గడిచాక ఇచ్చేలా రాయించి, అప్పుడు ఇద్దరి ధరలనూ మళ్లీ అడగాలి. ధర పెంచకుండా ఆ దశలకు ఎవరు ఒప్పుకున్నారో దాన్ని కూడా పట్టికలో ఒక వరుసగా చేర్చుకోవచ్చు.